ప్లాట్‌ఫామ్ పనులా, నేరుగా వచ్చే క్లయింట్లా: విశాఖలో కొత్త అనువాదకులు, డిజైనర్లు నెలవారీ ఆదాయాన్ని ఎలా కుదుర్చుకోవాలి

అనువాదం గాని, గ్రాఫిక్ డిజైన్ గాని నేర్చుకుని సొంతంగా పని మొదలుపెట్టిన వారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "అప్‌వర్క్, ఫైవర్ వంటి ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లలో ఖాతా తెరవాలా, లేక విశాఖలోనే కంపెనీల చుట్టూ తిరిగి పని తెచ్చుకోవాలా?" అడిగే వారిలో చాలామంది కమీషను గురించే ఆలోచిస్తారు. ప్లాట్‌ఫామ్ పదో ఇరవయ్యో శాతం కోసుకుంటుంది, నేరుగా వచ్చే క్లయింటు పూర్తిగా ఇస్తాడు, కాబట్టి రెండవదే లాభమని వారి లెక్క. పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్న అనుభవంతో చెబుతున్నాను: ఆదాయాన్ని నిలబెట్టేదీ, కూల్చేదీ కమీషను కాదు. వచ్చిన క్లయింటు మళ్లీ వచ్చే నెల కూడా పని ఇస్తాడా లేదా అన్నదే అసలు విషయం. కింది మెట్లన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే అమర్చాను.

ముందుగా కావలసినవి

పాన్, ఆధార్, మీ పేరున ఒక బ్యాంకు ఖాతా ఉండాలి. వీలైతే ఇంటి ఖర్చుల ఖాతా వేరుగా, పని ఖాతా వేరుగా పెట్టుకోండి. మూడు నమూనా పనులు, ఒక పేజీ పరిచయ పత్రం, లెక్కలు వ్రాసుకోవడానికి ఒక ఎక్సెల్ షీటు కావాలి. వీటన్నిటికన్నా ముఖ్యంగా, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో ఉండాలి, లేదా అప్పటివరకు కొనసాగే మరో ఆదాయం ఉండాలి. అది లేనివారు ఎంత తక్కువ ధరకైనా ఒప్పుకోవలసి వస్తుంది, ఒకసారి ఒప్పుకున్న ధర నుంచి పైకి రావడం చాలా కష్టం.

1. మీ గంటకు నిజంగా ఎంత మిగులుతోందో లెక్క కట్టండి

షీటులో ఐదు గడులు గీయండి: తేదీ, పని పేరు, పనిమీద గడిపిన గంటలు, పని వెతకడానికి గడిపిన గంటలు, చేతికి వచ్చిన డబ్బు. నాలుగవ గడిని దాదాపు ఎవరూ నింపరు, అసలు సంగతి అక్కడే దాగి ఉంటుంది.

ఎం.వి.పి. కాలనీలో ఇంటినుంచి పనిచేసే ఒక కొత్త అనువాదకురాలి మొదటి నెలను ఉదాహరణగా ఊహించుకుందాం. ఆమె అప్‌వర్క్‌లో ముప్పై పనులకు ప్రతిపాదనలు పంపింది. అక్కడ ప్రతిపాదన పంపడానికి కనెక్ట్‌లు అనే టోకెన్లు ఖర్చవుతాయి, ఒక కనెక్ట్ ధర 0.15 డాలర్లు. సగటున ఒక్కొక్క ప్రతిపాదనకు పది కనెక్ట్‌లు పట్టాయనుకుంటే మొత్తం 45 డాలర్లు పోయినట్టే. మూడు పనులు దొరికాయి. మొత్తం 9,000 ఇంగ్లీషు పదాలు, పదానికి 3 సెంట్ల చొప్పున 270 డాలర్లు. కమీషను పది శాతం అనుకుంటే 27 డాలర్లు, డబ్బు బ్యాంకుకు రప్పించుకునే ఖర్చు 4 డాలర్లు. మిగిలింది 194 డాలర్లు. లెక్క సులువు కోసం డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే 17,460 రూపాయలు.

గంటకు 300 పదాల వేగంతో, సరిచూసుకోవడంతో కలిపి, అనువాదానికి ముప్పై గంటలు పట్టింది. ప్రతిపాదనలు వ్రాయడానికి పదిహేను గంటలు, సందేశాలకు, పరీక్ష పనులకు ఐదు గంటలు పట్టాయి. కాగితంమీద ఆమె ధర గంటకు 810 రూపాయలుగా కనిపిస్తుంది, కాని యాభై గంటలతో భాగిస్తే చేతికి వచ్చింది గంటకు 349 రూపాయలే. తేడాలో కమీషను వాటా చిన్నది, పని వెతకడానికి పోయిన ఇరవై గంటలదే పెద్దది.

ఇదే ఆమె మొదటి నెల నగరంలోనే తిరిగి క్లయింట్లను వెతికిందనుకోండి. ఇరవై చోట్లకు వెళ్లడానికి, ఉత్తరాలు వ్రాయడానికి పాతిక గంటలు, ఆటో ఖర్చు 600 రూపాయలు. ఒకే ఒక ఆసుపత్రి 4,000 పదాల పని ఇచ్చింది, పదానికి రెండు రూపాయల చొప్పున 8,000 రూపాయలు. అనువాదానికి పదమూడు గంటలు, మాట్లాడడానికి నాలుగు గంటలు. మొత్తం నలభై రెండు గంటలకు మిగిలింది 7,400 రూపాయలు, అంటే గంటకు 176. ప్లాట్‌ఫామ్‌కన్నా ఇది సగం. పైగా ఆ డబ్బు నెల తరువాత గాని రాదు. చాలామంది ఇక్కడే నిరాశపడి వదిలేస్తారు.

నాలుగవ నెలకు వద్దాం. అదే ఆసుపత్రి ప్రతి నెలా 4,000 పదాలు పంపుతోంది, ఇంకొక సంస్థ 5,000 పదాలు పంపుతోంది. వెతుకులాటకు నాలుగు గంటలు, ఫోన్లకు, బిల్లులకు నాలుగు గంటలు, అనువాదానికి ముప్పై గంటలు. 18,000 రూపాయలలో ఆటోకు 300 తీసివేస్తే గంటకు 465 రూపాయలు మిగిలాయి. పదం ధర ప్లాట్‌ఫామ్‌లో దొరికిన 2.70 రూపాయలకన్నా తక్కువే అయినా, గంట విలువ మాత్రం ఆమె అక్కడి మొదటి నెలకన్నా ఎక్కువ.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. ప్లాట్‌ఫామ్‌లో దొరికిన క్లయింటే ప్రతి నెలా తిరిగి వస్తే అక్కడి లెక్క కూడా ఇలాగే బాగుపడుతుంది. అయితే తెలుగు పనులకు అక్కడ వచ్చేవారిలో ఒక యాప్‌కో, ఒక కరపత్రానికో ఒక్కసారి వచ్చి వెళ్లేవారే ఎక్కువగా నాకు ఎదురయ్యారు.

డిజైనర్లు పదాల బదులు పోస్టర్లు, పేజీలు, మార్పుల రౌండ్లు లెక్కించండి. ముఖ్యంగా మార్పులకు పోయిన గంటలను పని గంటలలోనే కలపండి.

2. నెలనెలా పుట్టే పని ఎక్కడుందో గుర్తించండి

ఎవరికి పని అవసరమో కాదు, ఎవరికి పదే పదే అవసరమో వెతకాలి. పెళ్లి పత్రిక డిజైను ఒక్కసారితో ముగుస్తుంది. ద్వారకానగర్‌లోని కోచింగ్ సెంటర్‌కు మాత్రం ప్రతి బ్యాచ్‌కూ కరపత్రం, ప్రతి ఫలితానికీ పోస్టర్ కావాలి.

అనువాదకులకు నగరంలో మూడు చోట్ల ఇటువంటి పని ఉంది. మొదటిది ఆసుపత్రులు. రోగుల అంగీకార పత్రాలు, డిశ్చార్జి సూచనలు, ఆహార నియమాల పత్రాలు, బోర్డులు తెలుగులో కావాలి, అవి విభాగం విభాగానికీ మారుతుంటాయి. ఔషధ ప్రయోగాలు జరిగే చోట, పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో అంగీకార పత్రం తప్పనిసరి. దాన్ని తెలుగులోకి ఒకరు, తిరిగి ఇంగ్లీషులోకి మరొకరు అనువదించి పోల్చి చూస్తారు, కాబట్టి ఇద్దరికి పని ఉంటుంది. రెండవది పరవాడ ఫార్మా సిటీ వైపు, గాజువాక ఆటోనగర్ వైపు ఉన్న కర్మాగారాలు. వాటిలో కార్మికుల భద్రతా సూచనలు, శిక్షణ పత్రాలు వారికి తెలిసిన భాషలో ఉండాలి. మూడవది హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల అనువాద ఏజెన్సీలు. ఇవి నేరు క్లయింటుకూ ప్లాట్‌ఫామ్‌కూ మధ్యలో ఉంటాయి: ధర తక్కువ ఇస్తాయి, కాని మీ పని నచ్చితే మళ్లీ మళ్లీ పంపుతాయి, క్లయింటును వెతికే శ్రమ వారిదే. కొత్తవారు ఏజెన్సీలను చిన్నచూపు చూడకూడదని నా అభిప్రాయం. అనువాదకుల వెబ్‌సైటు అయిన ప్రోజ్‌లోని బ్లూ బోర్డులో ఏజెన్సీ గురించి ఇతర అనువాదకులు ఇచ్చిన అభిప్రాయాలు చూసిన తరువాతే పని తీసుకోండి.

డిజైనర్లకు కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, మధురవాడ వైపు నిర్మాణ సంస్థలు, రొయ్యల ఎగుమతిదారుల ప్యాకింగు పనులు మొదట చూడదగినవి.

3. మూడు నమూనాలు తయారు చేయండి

ఎవరో ఇచ్చిన రహస్య పత్రాన్ని నమూనాగా చూపకండి. అది చూసిన కొత్త క్లయింటు తన పత్రం కూడా రేపు ఇలాగే బయటపడుతుందని అనుకుంటాడు. బహిరంగంగా దొరికే ప్రభుత్వ ఆరోగ్య సూచనో, భద్రతా కరపత్రమో తీసుకుని మీరే 300 పదాలు అనువదించండి. మీరు ఆసుపత్రుల వద్దకు వెళ్లాలనుకుంటే మూడింటిలో రెండు వైద్యానికి సంబంధించినవే ఉండాలి.

తెలుగులో పనిచేసే డిజైనర్లకు, అనువాదకులకు ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది. మన ప్రెస్సులలో, డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లతో టైపు చేస్తారు. వెబ్‌సైటులకు, యాప్‌లకు, బయటి ఏజెన్సీలకు యూనికోడ్ కావాలి. అను ఫాంటులో టైపు చేసి పంపితే అవతలివారి కంప్యూటరులో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, మీరు చేసిన పని చెడ్డదని వారు అనుకుంటారు. పని మొదలుపెట్టే ముందే "యూనికోడా, అనునా?" అని అడిగి, జవాబును మెయిల్‌లో తెప్పించుకోండి.

*ఎలా సరిచూడాలి:* ఇన్‌డిజైన్‌లో తెలుగు వేసినప్పుడు పేరాగ్రాఫ్ సెట్టింగులో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. పీడీఎఫ్ తయారైన తరువాత "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" వంటి మాటలను పెద్దగా చేసి చూడండి. ఈ మూడూ సరిగా ఉంటే మిగిలినవి సాధారణంగా సరిగానే ఉంటాయి. ఆ పీడీఎఫ్‌ను మీ కంప్యూటరులో మాత్రమే కాక వేరొకరి ఫోనులో కూడా తెరిచి చూడాలి.

4. ఒకే ప్లాట్‌ఫామ్‌లో మూడు నెలలు పనిచేయండి

నాలుగు చోట్ల ఖాతాలు తెరిస్తే నాలుగింటిలోనూ కొత్తవారిగానే మిగిలిపోతారు. అప్‌వర్క్‌లో మీరు పనికి దరఖాస్తు చేస్తారు, ఫైవర్‌లో మీ సేవను అంగడిలా పెట్టి కొనేవారికోసం ఎదురుచూస్తారు. ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్ కమీషను 2025 మే నుంచి కొత్త ఒప్పందాలకు సున్నా నుంచి 15 శాతం వరకు, ఒప్పందాన్ని బట్టి మారుతోంది. ఎంత కోత పడుతుందో ఒప్పుకునే ముందే తెరమీద కనిపిస్తుంది, దాన్ని చూసి మీ ధర చెప్పండి.

ప్రొఫైలులో "అన్ని రకాల అనువాదాలు" అని వ్రాయకండి. "ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వైద్య పత్రాలు" అని వ్రాసిన వారిని వెతికేవారు తక్కువమందే కావచ్చు, కాని వెతికిన వారికి మీరే కావాలి. ప్రతిపాదనలో మొదటి రెండు వాక్యాలు వారి పని గురించే ఉండాలి. మీ చదువు, మీ ఉత్సాహం తరువాత చెప్పవచ్చు.

జాగ్రత్తలు:

- నిర్ణీత ధర పనిలో క్లయింటు ఆ విడత డబ్బును ఎస్క్రోలో, అంటే పని అయ్యేవరకు ప్లాట్‌ఫామ్ అట్టేపెట్టే ఖాతాలో, వేసే వరకు పని మొదలుపెట్టకండి. ఒప్పందం కనిపించినంతమాత్రాన డబ్బు ఉన్నట్టు కాదు, విడత పక్కన నిధి జమ అయిందో లేదో చూడాలి.
- మొదటి సందేశంలోనే టెలిగ్రామ్‌కో వాట్సాప్‌కో రమ్మని, తరువాత "రిజిస్ట్రేషన్ డిపాజిట్" అడిగేవారు మోసగాళ్లు. పని ఇచ్చేవాడు మీ దగ్గర డబ్బు తీసుకోడు.
- ఉచిత పరీక్ష 250, 300 పదాలకు మించకూడదు. ఒక పెద్ద పత్రాన్ని ముక్కలు చేసి పదిమందికి "పరీక్ష"గా పంపి పని పూర్తి చేసుకునేవారు ఉన్నారు.
- అప్‌వర్క్‌లో పరిచయమైన క్లయింటు నుంచి బయట డబ్బు తీసుకోవడం రెండేళ్లపాటు నిషిద్ధం, లేకపోతే మార్పిడి రుసుము కట్టాలి. నియమం తప్పితే ఖాతా పోతుంది, ఖాతాతోపాటు మీరు కూడబెట్టుకున్న సమీక్షలూ పోతాయి. కమీషను మిగుల్చుకోవాలన్న తొందరలో కొత్తవారు చేసే తప్పులలో దీని నష్టమే ఎక్కువ.

మూడు నెలల తరువాత కనీసం నాలుగైదు మంచి సమీక్షలు, ఒక్క తిరిగి వచ్చిన క్లయింటు ఉంటే ప్లాట్‌ఫామ్ మీకు పనిచేస్తున్నట్టు. రెండూ లేకపోతే ధర తగ్గించకండి. ప్రొఫైలును, ఎంచుకునే పనుల రకాన్ని మార్చి చూడండి.

5. వారానికి ఐదు సంస్థలను నేరుగా కలవండి

ప్లాట్‌ఫామ్‌లో పనిచేస్తున్న ఆ మూడు నెలల్లోనే ఇది కూడా సాగాలి. ఇరవై సంస్థల జాబితా వ్రాయండి, వారానికి ఐదింటిని కలవండి. రిసెప్షన్‌లో బయోడేటా ఇచ్చి రావడం వృథా, అది హెచ్‌ఆర్ విభాగానికి వెళ్తుంది, వారు ఉద్యోగులను తీసుకుంటారు గాని పని కొనరు. ఆసుపత్రిలో క్వాలిటీ విభాగాన్ని, కర్మాగారంలో భద్రతా అధికారిని లేదా పర్చేజ్ విభాగాన్ని, కోచింగ్ సెంటర్‌లో యజమానిని లేదా మార్కెటింగ్ చూసేవారిని అడగండి.

వెళ్లేటప్పుడు ఒకే ఒక కాగితం తీసుకువెళ్లండి: వారి బహిరంగ బోర్డులోనో వెబ్‌సైటులోనో ఉన్న ఒక చిన్న భాగాన్ని మీరు తిరగరాసి, లేదా తిరిగి డిజైన్ చేసి చూపిన నమూనా. ఒక జాగ్రత్త: వారి తప్పులను పదిమందిలో ఎత్తిచూపకండి, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఆ తప్పు చేసినవారే మీ ఎదుట కూర్చున్న వారు కావచ్చు.

ముందుగా పంపే ఉత్తరం ఇలా ఉండవచ్చు:

> నమస్కారం మేడమ్. నేను ఎం.వి.పి. కాలనీలో ఉంటాను, వైద్య పత్రాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదిస్తాను. మీ ఆసుపత్రి డిశ్చార్జి సూచనల పత్రంలో మందుల వేళలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటిని రోగులకు సులువుగా అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ తయారు చేసి దీనితో జత చేశాను. మీకు ఉపయోగపడుతుందనిపిస్తే ఈ వారంలో పది నిమిషాలు వచ్చి కలుస్తాను. బుధవారం ఉదయం వీలవుతుందా?

ఏడు రోజుల తరువాత ఒకసారి, మరో పదిహేను రోజుల తరువాత ఇంకొకసారి గుర్తుచేయండి. అంతటితో ఆపి, మూడు నెలల తరువాత కొత్త నమూనాతో మళ్లీ వెళ్లండి. నాకు అయిదేళ్లుగా పని ఇస్తున్న ఒక సంస్థ మొదట రెండుసార్లు జవాబే ఇవ్వలేదు. వారి పాత అనువాదకుడు ఊరు మారిన నెలలోనే నా మూడవ ఉత్తరం చేరింది.

6. పని మొదలయ్యే ముందే షరతులను వ్రాతలో పెట్టండి

ప్లాట్‌ఫామ్‌లో కమీషను ఇచ్చి మీరు కొనుక్కునేది ఈ రక్షణనే. బయట దాన్ని మీరే కట్టుకోవాలి. పెద్ద ఒప్పంద పత్రం అక్కరలేదు. ఒక మెయిల్‌లో ఐదు విషయాలు వ్రాసి, "సరే" అని జవాబు తెప్పించుకుంటే చాలు.

మొదటిది, లెక్క దేనిమీద? అనువాదంలో ఎప్పుడూ మూల ఇంగ్లీషు పదాల సంఖ్యమీదే ధర కట్టండి. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కుపోతాయి, "ఇన్ ద హాస్పిటల్" అన్న మూడు ఇంగ్లీషు పదాలు తెలుగులో "ఆసుపత్రిలో" అన్న ఒక్క పదమవుతాయి. తెలుగు పదాల లెక్కన ఒప్పుకుంటే పని అంతా చేసి, డబ్బు మాత్రం తగ్గించుకున్నట్టే. రెండవది, మార్పులు ఎన్నిసార్లు? డిజైన్‌కు రెండు రౌండ్లు ధరలో కలపండి, మూడవ రౌండు నుంచి గంటకు ఇంత అని చెప్పండి. తప్పు మీదైతే సవరణకు డబ్బు అడగకూడదు, క్లయింటు మనసు మార్చుకుంటే అడగాలి. ఈ రెండింటి తేడాను ముందే వ్రాయండి. మూడవది, ఏ ఫైలు ఇస్తారు? డిజైనర్లు పీడీఎఫ్ మాత్రమే ఇస్తారా, మార్చుకునే వీలున్న ఓపెన్ ఫైలు కూడా ఇస్తారా అన్నది ధరలోనే తేలాలి. నాలుగవది గడువు. ఐదవది డబ్బు ఎప్పుడు ఇస్తారన్నది. కొత్త క్లయింటు, చిన్న సంస్థ అయితే సగం ముందుగా తీసుకోండి. పెద్ద ఆసుపత్రులు, కర్మాగారాలు ముందుగా ఇవ్వవు, ముప్పై రోజులకు ఒప్పుకోండి.

7. డబ్బు సమయానికి రావడానికి ఉద్యమ్ నమోదు చేయించుకోండి

నేను మొదట్లో ఒక క్లినిక్‌కు పని చేసి అయిదు నెలలు డబ్బు కోసం తిరిగాను. బిల్లుమీద చెల్లింపు తేదీ వ్రాయకపోవడం నా తప్పు. అప్పుడు తెలియనిది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్ udyamregistration.gov.in లో ఆధార్, పాన్‌తో సేవలు అందించే సూక్ష్మ సంస్థగా ఎవరైనా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. దీనికి డబ్బు అడిగే ఏజెంట్ల సైట్లు వెతుకులాటలో ముందుగా కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, అంటే ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం ప్రకారం, ఇలా నమోదైన వారి నుంచి సేవ తీసుకున్న కొనుగోలుదారు వ్రాతపూర్వక ఒప్పందం ఉంటే ఒప్పుకున్న తేదీలోగా, ఎంత ఎక్కువైనా 45 రోజులలోగా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా, కట్టవలసి ఉంటుంది. దీనికి తోడు, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటిన చెల్లింపును నిజంగా ఇచ్చే వరకు కొనుగోలుదారు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేడు. ఈ కారణంగా కంపెనీల అకౌంట్స్ విభాగాలు ఉద్యమ్ సంఖ్య ఉన్న బిల్లులను ఇప్పుడు వేరుగా చూస్తున్నాయి. మార్చి నెలలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

పని మొదలుపెట్టే ముందే నమోదు పూర్తి చేసి, ఉద్యమ్ సంఖ్యను ప్రతి బిల్లుమీద వ్రాయండి. బిల్లులో ఇంతే ఉంటే చాలు:

```
బిల్లు నం.: 07        తేదీ: 05-07
పని: డిశ్చార్జి సూచనలు, ఇంగ్లీషు - తెలుగు
4,000 మూల పదాలు x రూ. 2.00 = రూ. 8,000
చెల్లింపు గడువు తేదీ: 04-08
పాన్:            ఉద్యమ్ సంఖ్య:
బ్యాంకు ఖాతా, ఐ.ఎఫ్.ఎస్.సి.:
```

"ముప్పై రోజులలో" అని వ్రాయడంకన్నా క్యాలెండరు తేదీ వ్రాయడం మంచిది. గడువుకు మూడు రోజుల ముందు అకౌంట్స్ విభాగానికి ఒక మర్యాదపూర్వకమైన మెయిల్ పంపండి, పని ఇచ్చిన అధికారికి కాదు. గడువు దాటిన పదిహేను రోజుల తరువాత కూడా రాకపోతే కొత్త పని తీసుకోవడం ఆపండి. ఎం.ఎస్.ఎం.ఇ. మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే దారి ఉంది, కాని అక్కడికి వెళ్లిన తరువాత ఆ క్లయింటు మళ్లీ పని ఇస్తాడని ఆశించకండి. వసూలు కావలసిన మొత్తం ఆ నష్టానికి తగినదైతేనే వెళ్లండి.

పన్నుల గురించి రెండు మాటలు. పెద్ద సంస్థలు టీడీఎస్ కోసి మిగిలినది ఇస్తాయి. ఆ కోత మీ పాన్‌మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకుంటే రిటర్నులో మీ పన్నుకు సర్దుబాటు చేసుకుని, ఎక్కువైనది తిరిగి పొందవచ్చు. ఏడాదికి సేవల టర్నోవరు 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ నమోదు అక్కరలేదు, నమోదు లేకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు.

8. మూడు నెలలకొకసారి పాళ్లు మార్చండి

మొదటి షీటును తెరిచి, ఈ మూడు నెలల్లో ప్లాట్‌ఫామ్‌మీద గంటకు ఎంత మిగిలింది, నేరు క్లయింట్లమీద ఎంత మిగిలింది, ఏజెన్సీలమీద ఎంత మిగిలింది అని విడివిడిగా భాగించి చూడండి. తరువాత ఇంకొక అంకె తీయండి: మొత్తం ఆదాయంలో తిరిగి వచ్చిన క్లయింట్ల వాటా ఎంత? అది సగం దాటిందంటే ఆదాయం కుదురుకుంటున్నట్టు. పావుకన్నా తక్కువ ఉంటే, ఆ మూడు నెలలు ఎంత సంపాదించినా, వచ్చే మూడు నెలలు మళ్లీ మొదటినుంచే వెతకాలి.

నేరు క్లయింట్ల గంట విలువ వరుసగా రెండు త్రైమాసికాలు ప్లాట్‌ఫామ్‌ను దాటితే, అక్కడ కొత్త ప్రతిపాదనలు పంపడం తగ్గించండి, ఖాతా మాత్రం మూసివేయకండి. మంచి సమీక్షలున్న ఖాతాను నెలకు ఒక చిన్న పనితో బ్రతికించి ఉంచుకోవచ్చు. ఒక ఆసుపత్రి అధికారి మారి పని ఆగిపోయిన నెలలో అది ఆదుకుంటుంది.

ఒకే క్లయింటు నుంచి వచ్చేది మొత్తంలో మూడవ వంతుకు మించితే, అతడు ఎంత మంచివాడైనా, వారానికి ఐదు కలయికల అలవాటును మళ్లీ మొదలుపెట్టండి. పని నిండుగా ఉన్న నెలలోనే వెతుకులాట ఆపేయడం, పని తగ్గిన తరువాత మొదలుపెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఈ రోజు పంపిన ఉత్తరం బిల్లుగా మారి డబ్బు చేతికి రావడానికి నేరు క్లయింట్ల విషయంలో మూడు నాలుగు నెలలు పడుతుంది. కాబట్టి ఈ నెల పంపిన ఉత్తరాలను, రావలసిన బిల్లులను ఒకే షీటులో పక్కపక్కన పెట్టుకుని, ప్రతి నెల మొదటి ఆదివారం ఒకసారి చూసుకోండి.